సైడ్ సంపాదన ముందు ఎక్కడికి పోవాలి: ఆర్డీకా, కార్డు బాకీకా?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను, జీతం 28 వేలు. రెండు నెలలుగా సాయంత్రాలు చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నా, నెలకు 9 వేల దాకా వస్తోంది. క్రెడిట్ కార్డులో 64 వేలు బాకీ, మినిమం కట్టుకుంటూ వస్తున్నా. మా ఆవిడ కుట్టు మెషిన్ కోసం డైలీ ఫైనాన్స్‌లో 20 వేలు తీసుకున్నాం, చేతికి 18 వేలు ఇచ్చారు, రోజుకు 200, ఇంకో 45 రోజులు ఉంది. బ్యాంకులో నగల మీద లక్షా ఇరవై వేలు, తెలిసినాయన దగ్గర నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి 50 వేలు. పొదుపు సున్నా. ఈ 9 వేలు ఆర్డీ వేయనా, చీటీలో చేరనా, అప్పు కట్టనా? అందరూ ముందు ఎమర్జెన్సీ ఫండ్ అంటున్నారు.

సమాధానం:

కార్డుకు కట్టు తమ్ముడూ. తొమ్మిది వేలూ కార్డుకే, చేతికొచ్చిన రోజే. ఆర్డీ వద్దు, చీటీ ఇప్పుడు అసలే వద్దు. ఎమర్జెన్సీ ఫండ్ సంగతి కింద రాస్తాను, అందులో కొంత నిజం లేకపోలేదు కానీ నీ లెక్కల్లో అది ముందుకు రాదు.

నేను బ్యాంకులో నగల అప్పుల కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. ఒక చేతిలో ఆర్డీ పాస్‌బుక్, ఇంకో చేతిలో కార్డు బిల్లు పట్టుకుని, ఆ బిల్లు కట్టడానికి నగలు కుదువ పెట్టేవాళ్లను తరచూ చూశాను. వాళ్లకు లెక్కలు రాక కాదు. నగల అప్పుకు ఏడాదికి ఇంత శాతం అని రాస్తారు, కార్డుకు నెలకు ఇంత శాతం అని రాస్తారు, నోటుకు నూటికి ఇన్ని రూపాయలు అంటాం, డైలీ వాడు అసలు వడ్డీ మాటే ఎత్తడు, రోజుకు రెండొందలు అంటాడు అంతే. అందుకని ఏది ఎంత బరువో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం రాదు.

అన్నిటినీ మన ఊరి లెక్కలోకి మార్చు, నూటికి నెలకు ఎంత అని. నగల అప్పు ఏడాదికి 9 శాతం అనుకుంటే ముప్పావలా వడ్డీ. నోటు రెండు రూపాయలు. ఆర్డీలో నీకు వచ్చేది 6.5 శాతం అనుకుందాం, అంటే అర్ధ రూపాయికి నాలుగు పైసలు ఎక్కువ. ఇప్పుడు కార్డు. చాలా కార్డుల మీద నెలకు 3.5 నుంచి 3.75 శాతం ఉంటుంది, నీ స్టేట్‌మెంట్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో చూడు. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు, రిటర్నులు వేసేవాడివి, ఇది నీకు నేను చెప్పక్కర్లేదు. 3.75కి జీఎస్టీ కలిపితే 4.42. అంటే నాలుగు రూపాయల నలభై పైసల వడ్డీ! రెండు రూపాయల వడ్డీకి నోటు రాసేటప్పుడు నువ్వు రెండు రాత్రులు ఆలోచించి ఉంటావు, దానికి రెట్టింపు దాటిన ఈ అప్పు మాత్రం షాపింగ్ చేసేటప్పుడు తెలియకుండానే అయిపోయింది.

64 వేలకు ఆ లెక్కన నెల వడ్డీ 2,400, దాని మీద జీఎస్టీ 432, మొత్తం 2,832. మినిమం మామూలుగా బాకీలో 5 శాతం చుట్టూ ఉంటుంది, అంటే 3,200. నువ్వు 3,200 కడితే అసలులో తగ్గేది 368 రూపాయలు. మిగతాదంతా వడ్డీకే పోతోంది. ఇంకోలా చెప్పాలంటే ఈ బాకీ మీద రోజుకు 94 రూపాయలు పడుతున్నాయి, నువ్వు షాపుకు వెళ్లినా, ఆదివారం ఇంట్లో పడుకున్నా.

ఇంకో దెబ్బ చాలామందికి కనపడదు. కార్డుకు వడ్డీ లేని రోజులు అంటారే, అవి కిందటి బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే. బాకీ ఒక్క నెల నెట్టుకొచ్చావంటే ఆ తర్వాత కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి నువ్వు ఇవాళ కార్డు మీద పెట్రోలు పోయిస్తే అది కూడా నాలుగున్నర రూపాయల వడ్డీకి తెచ్చుకున్న అప్పే. కార్డు జేబులోంచి తీసేయడం ఒక్కటే చాలదు, దాన్ని ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలోంచి తీసేయి, ఫోను బిల్లు, సినిమా యాప్‌లకు ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టి ఉంటే ఆపు. రూపే కార్డైతే యూపీఐకి కలిపి ఉందేమో చూడు, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగి స్కాన్ చేస్తే కూడా కార్డు నుంచే పోతుంది, నెల చివర్లో చూస్తే మూడు వేలు దాటి ఉంటుంది. కొత్త వాడకం ఆగకపోతే కింది లెక్కలన్నీ వృథా.

ఇప్పుడు రెండు దార్లూ వేసి చూద్దాం. జీతంలోంచి ఇప్పటికే 3,200 కడుతున్నావు, అది అలాగే ఉంచు. దానికి సైడ్ డబ్బు 9,000 కలిపితే నెలకు 12,200. మొదటి నెల వడ్డీ పోను బాకీ 54,632కి దిగుతుంది. రెండో నెల చివరికి 44,850, మూడో నెలకు 34,630 చుట్టూ, నాలుగుకు 24 వేలు, అయిదుకు 12,800, ఆరో నెలకు 1,200 మిగులుతుంది. చూడు, మొదటి నెల వడ్డీ 2,832 ఉన్నది ఆరో నెలకు 570 రూపాయలకు వచ్చేసింది, అందుకే చివరికి వచ్చేకొద్దీ బాకీ వేగంగా కరుగుతుంది. మొత్తం మీద వడ్డీ కింద పోయేది పది వేల నాలుగొందల చుట్టూ.

ఆర్డీ దారి: నెలకు 9 వేల లెక్కన ఆరు నెలలకు 54 వేలు, వడ్డీ వెయ్యి రూపాయలకు కాస్త ఎక్కువ, కలిపి 55 వేలు చేతిలో కనపడతాయి. సంతోషంగానే ఉంటుంది. కానీ కార్డులో నువ్వు నెలకు 3,200 కడుతూ పోయినా ఆరు నెలల తర్వాత ఇంకా 61,500 బాకీ, ఈ ఆరు నెలల్లో వడ్డీకి పోయింది 16,700. ఆర్డీ డబ్బంతా తెచ్చి పోసినా ఇంకా ఆరున్నర వేలు కట్టాలి. మొదటి దారిలో మిగిలింది 1,200. అంటే ఆర్డీ దారిలో 5,300 రూపాయలు నష్టం, అది నువ్వు సగం నెలకు పైగా సాయంత్రాలు కూర్చుని వేసిన రిటర్నుల డబ్బు.

కట్టే తేదీల దగ్గర జాగ్రత్త. కార్డు వడ్డీ రోజువారీ బాకీ మీద పడుతుంది కాబట్టి గడువు తేదీ దాకా డబ్బు దాచుకోవడంలో అర్థం లేదు. నీ షాపుల వాళ్లు 20వ తేదీ జీఎస్టీ 3బి రిటర్ను వేసేశాక డబ్బులిస్తారనుకో, 21నే కట్టేయి. పదిహేను రోజులు అకౌంట్లో ఉంచితే ఆ 9 వేల మీదే 200 రూపాయలు పోతాయి. అయితే ఇందులో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. స్టేట్‌మెంట్ 24న వస్తుంది, గడువు వచ్చే నెల 12 అనుకుందాం. నువ్వు 21న కట్టిన 9 వేలు కిందటి బిల్లు ఖాతాలోకి పోతుంది. 24న కొత్త స్టేట్‌మెంట్‌లో మళ్లీ కొత్త మినిమం పడుతుంది. "మొన్ననే తొమ్మిది వేలు కట్టాను కదా" అని 12 దాకా ఏమీ కట్టకపోతే లేట్ ఫీజు, దాని మీద జీఎస్టీ, సిబిల్‌లో మచ్చ. స్టేట్‌మెంట్ తేదీకీ గడువుకీ మధ్యలో పడిన డబ్బే ఆ మినిమం కింద లెక్క. అందుకే జీతంలోంచి కట్టే 3,200 ఒకటో తేదీ తర్వాత విడిగా కట్టు, సైడ్ డబ్బుతో కలపకు. మినిమం అంతకంటే కాస్త ఎక్కువ చూపిస్తే ఆ చూపించినంతా కట్టు. నీ తేదీలు మరీ ఇబ్బందిగా ఉంటే బిల్లు తేదీ మార్చమని అడగొచ్చు, కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

ఇంకోటి, ఆఖరి నెల మొత్తం బాకీ కట్టేసి హాయిగా ఉంటావు, నెల తిరిగేసరికి మూడొందలో నాలుగొందలో మళ్లీ బిల్లు వస్తుంది. మోసం అనుకోకు. స్టేట్‌మెంట్ తేదీ నుంచి నువ్వు కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ అది, తర్వాతి బిల్లులో కనపడుతుంది. దాన్ని కూడా కట్టేసి, ఆ తర్వాతి స్టేట్‌మెంట్ సున్నా వచ్చాకే కార్డు తీరినట్టు. చాలామంది చిన్న మొత్తమే కదా అని దాన్ని పట్టించుకోరు, అది లేట్ ఫీజుతో పెరుగుతుంది.

డైలీ ఫైనాన్స్ దగ్గర నీకు అనుమానం వచ్చే ఉంటుంది. 18 వేలు చేతికిచ్చి వంద రోజుల్లో 20 వేలు తీసుకుంటున్నాడు. చూడ్డానికి వందకు పది రూపాయలే కదా అనిపిస్తుంది, కానీ రోజూ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి సగటున నీ దగ్గర ఉండేది 9 వేల చిల్లరే. లెక్క వేస్తే నెలకు ఆరు రూపాయల ముప్పై పైసల వడ్డీ, కార్డు కంటే దారుణం. పైగా మిగిలింది 45 రోజులు, 200 చొప్పున సరిగ్గా 9 వేలు, ఒక నెల సైడ్ డబ్బుతో క్లోజ్ అయిపోతుంది. "ముందు ఎక్కువ వడ్డీది తీర్చు" అనే సూత్రం పట్టుకుంటే ఇదే ముందు కట్టాలి. వద్దు. ఎందుకంటే ఆయన వడ్డీ ముందే కోసేసుకున్నాడు. ఇవాళ 9 వేలు కట్టినా 9 వేలే, 45 రోజుల్లో కట్టినా 9 వేలే. ముందు కట్టడం వల్ల నీకు మిగిలేది సున్నా, అదే 9 వేలు కార్డులో వేస్తే ఇవాళ్టి నుంచే వడ్డీ తగ్గుతుంది. అప్పు కాగితం మీద ఎంత వడ్డీ ఉందో కాదు, ఇవాళ ఒక రూపాయి కడితే ఇక మీదట ఎంత వడ్డీ ఆగుతుందో అదే చూసుకోవాలి.

కానీ ఒక మాట అడిగి చూడు, కలెక్షన్‌కు వచ్చే కుర్రాణ్ణి కాదు, డబ్బు ఇచ్చిన ఆయన్నే. "ఇవాళ మొత్తం కట్టేస్తే ఎంత తగ్గిస్తారు?" అని. 300 రూపాయల కంటే ఎక్కువ తగ్గిస్తానంటే డైలీ క్లోజ్ చేయడమే మేలు. ఆ 300 ఎక్కడిదంటే, డైలీ ముందే తీరిస్తే రోజూ మిగిలే 200 కార్డుకు పోతుంది కాబట్టి 9 వేలు కార్డుకు సగటున ఇరవై రెండు మూడు రోజులు ఆలస్యంగా చేరినట్టు, ఆ ఆలస్యానికి కార్డు వడ్డీ 300. తగ్గించనంటే మామూలుగా రోజువారీ కట్టుకుంటూ పో. అసలు ముఖ్యం ఏంటంటే 45 రోజుల తర్వాత. ఆఖరి కిస్తీ రోజే వాళ్లు "అక్కా, మీ రికార్డు బాగుంది, ఈసారి 30 వేలు ఇస్తాం" అంటారు, ఎప్పుడూ అంతే. మీ ఆవిడతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. ఆ రోజుకు 200 అంటే నెలకు 6 వేలు, అది కుట్టు పని నుంచే వస్తోంది కదా, దాన్ని కూడా కార్డు వైపు తిప్పితే ఆరు నెలలు పట్టేది అయిదో నెలలోనే తీరుతుంది.

సరే, ఎమర్జెన్సీ ఫండ్. పిల్లాడికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తే, చేతిలో రూపాయి లేకపోతే ఎలా అని కదా భయం. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఒకటి మర్చిపోతారు, కార్డుకు కట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. నువ్వు మూడు నెలల్లో 29 వేలు బాకీ తగ్గించావంటే కార్డు లిమిట్‌లో అంత ఖాళీ అయింది. నిజంగా ఆపద వస్తే ఆసుపత్రిలో, మందుల షాపులో కార్డు గీకొచ్చు. అప్పుడు నువ్వు మళ్లీ వెనక్కి వెళ్తావు, నిజమే, కానీ ఈ మూడు నెలల వడ్డీ అయితే తగ్గించుకున్నావు. ఆపద రాకపోతే మొత్తం లాభమే. ఆర్డీలో పెట్టుకుని కూర్చుంటే ఆపద వచ్చినా రాకపోయినా నెలనెలా నాలుగు రూపాయల చొప్పున నష్టం.

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. మినిమం తప్పిస్తూ వస్తే బ్యాంకు లిమిట్ కోసేయొచ్చు, అందుకే పైన తేదీల గురించి అంత చెప్పాను. రెండోది, కార్డు గీకలేని ఖర్చులు ఉంటాయి. ఇంటి అద్దె, స్కూలు వ్యాన్ డబ్బులు, ఊరి నుంచి ఫోనొస్తే రాత్రికి రాత్రి మదనపల్లె బస్సెక్కడం, ఇవన్నీ నగదు. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే తీసినందుకు విడిగా ఫీజు, ఆ రోజు నుంచే వడ్డీ, కాబట్టి ఆ దారి లేదనుకో. అందుకని ఇంట్లో ఒక నెల అద్దెకు సరిపడా నగదు ఉండాలి, అయిదారు వేలు అనుకుందాం. అది లేకపోతే మొదటి నెల సైడ్ డబ్బులోంచి అంత తీసి బీరువాలో పెట్టు, మిగతా మూడు వేలు కార్డుకు. అది పొదుపు కాదు, దాన్ని పెంచాలని చూడకు, వాడితే మళ్లీ అంతకే నింపు. నిజాయితీగా చెప్పాలంటే నీ జీతం ప్రతి నెలా ఒకటో తేదీకే కచ్చితంగా వస్తుందంటే ఇందులో కూడా సగం చాలు. జీతమే అటూఇటూ అయ్యే ఉద్యోగమైతే నేను రెండు నెలల అద్దె ఉంచమనేవాణ్ణి.

సైడ్ సంపాదనకు ఇంకో లక్షణం ఉంది, అది నిలకడగా ఉండదు. ఒక షాపాయన రెండు నెలలు బకాయి పెడతాడు, ఇంకొకాయన వాళ్ల బామ్మర్దికి పని ఇచ్చేస్తాడు. చీటీ వద్దన్నది అందుకే. చీటీలో చేరితే నెలనెలా కట్టి తీరాలి, ఈ నెల సైడ్ డబ్బు రాకపోతే జీతంలోంచి తీయాలి, లేదా మళ్లీ కార్డే గీకాలి. కార్డుకు కట్టడంలో ఆ బాధ లేదు, వచ్చిన నెల 9 వేలు, రాని నెల మినిమం ఒక్కటే, ఎవరికీ మాట ఇచ్చినట్టు కాదు. కొందరు "చీటీలో చేరి రెండో నెలలోనే పాడి కార్డు కట్టేద్దాం" అని లెక్క వేస్తారు. రిజిస్టర్డ్ చీటీలో కూడా ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు, తొందరలో పాడేవాడు తగ్గించుకునేది దాని పైన. కార్డు కంటే చవకే పడొచ్చు కానీ చీటీ ఎత్తాక మిగతా నెలలన్నీ తప్పనిసరి కిస్తీలు, అవి ముందే కట్టినా రూపాయి తగ్గదు. డైలీ ఫైనాన్స్ కథే మళ్లీ.

దానికంటే మంచి దారి నీ నగల అప్పులోనే ఉందేమో చూడు. ఆ లక్షా ఇరవై ఎప్పుడు తీసుకున్నావో రాయలేదు. ఏడాదో రెండేళ్లో అయి ఉంటే ఆ తర్వాత బంగారం ధర బాగా పెరిగింది, కాబట్టి అవే నగల మీద ఇంకా ఇచ్చే వీలుంటుంది. కొత్తగా ఒక్క ఉంగరం కూడా పెట్టక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2025లో తెచ్చిన నిబంధనల్లో రెండున్నర లక్షల లోపు అప్పుకు నగల విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు, ఏడాది చివర ఒకేసారి కట్టే అప్పైతే ఆ వడ్డీ కూడా కలిపి ఆ హద్దులోనే ఉండాలి. ఇంకో 40 వేలు వచ్చిందనుకో. అదే రోజు, బ్యాంకు మెట్లు దిగకముందే, కార్డులో కట్టేయి. నాలుగు రూపాయల నలభై పైసల అప్పులోంచి 40 వేలు ముప్పావలా అప్పులోకి మారింది. నెలకు 1,770 వడ్డీ పడేది 300 పడుతుంది. కార్డులో మిగిలిన 24 వేలు నెలకు 12,200 లెక్కన రెండు నెలల్లో, చిల్లర మూడో నెలలో పోతుంది, తర్వాత అదే 12,200 ఈ 40 వేల మీద కట్టుకుంటూ పోతే ఆరో నెలలో అదీ అయిపోతుంది. నగల అప్పులో మధ్యలో ఎంతైనా కట్టొచ్చు, కట్టిన రోజు నుంచి వడ్డీ తగ్గుతుంది. మొత్తం వడ్డీ మూడు వేల చుట్టూ అవుతుంది, పది వేల నాలుగొందలకు బదులు. అప్రైజర్ ఛార్జీ, బ్యాంకు ఛార్జీలు కొంత ఉంటాయి, ముందే అడుగు. ఇక్కడ నేను చెప్పేది బ్యాంకు సంగతి, బయట నగల అప్పుల కంపెనీల్లో రూపాయిన్నర, రెండు రూపాయలు పడొచ్చు, అప్పుడు లాభం ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇది చెడిపోయేది ఒక్క చోటే, కానీ ఘోరంగా చెడిపోతుంది. కార్డులో 40 వేలు ఖాళీ అవగానే కొత్త ఫోను కనపడుతుంది, గంగ జాతరకు చుట్టాలు వస్తున్నారు కదా అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి కార్డు మళ్లీ 60 వేలు, నగల మీద లక్షా అరవై, కౌంటర్ దగ్గర నేను ఎక్కువగా చూసింది ఇదే. నీ మీద నీకు నమ్మకం లేకపోతే నగల జోలికి పోకుండా 12,200 లెక్కనే పో, ఏడు వేలు ఎక్కువ పోయినా నగలు భద్రం. నమ్మకం ఉంటే 40 వేలు కట్టిన రోజే కార్డు యాప్‌లోకి వెళ్లి కొనుగోళ్ల లిమిట్ తగ్గించి పెట్టుకో, చాలా బ్యాంకులు ఆ సౌకర్యం ఇస్తాయి. ఆపద వస్తే మళ్లీ నువ్వే పెంచుకోవచ్చు.

నగల మీద ఇంకా రాదన్నారనుకో, కార్డు బ్యాంకునే బాకీని ఈఎంఐగా మార్చమని అడుగు. ఏడాదికి 16 శాతం అన్నారంటే జీఎస్టీతో కలిపి నెలకు రూపాయి అరవై పైసలు దాటదు. కానీ ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే వేసే ఛార్జీ రెండూ అడుగు, ఎందుకంటే నువ్వు ఆరు నెలల్లోనే తీర్చేవాడివి, వాళ్లు పన్నెండు, ఇరవై నాలుగు నెలలు అంటగడతారు. ఆరు నెలలదే తీసుకో. ఆ ఈఎంఐ మొత్తం మినిమంలోకి వచ్చి చేరుతుంది అని గుర్తుంచుకో, సైడ్ డబ్బు రాని నెలలో కూడా అది కట్టాల్సిందే. 64 వేలూ మార్చకుండా 30 వేలు మార్చి మిగతాది విడిగా ఉంచుకోవడం నీకు నప్పుతుంది.

కార్డు తర్వాత నోటు. ఈ పెద్దమనుషులతో ఒక చిక్కుంటుంది, వడ్డీ నెలనెలా తీసుకుంటారు గానీ అసలు చిల్లరగా ఇస్తే తీసుకోరు, "మొత్తం ఒకేసారి ఇవ్వయ్యా" అంటారు. వాళ్లకు వడ్డీ నడవడమే కావాలి మరి. కార్డు తీరే నెలలోనే వెళ్లి మాట్లాడు, రెండు విడతల్లో 25 వేల చొప్పున ఇస్తానని. ఒప్పుకుంటే మొదటి 25 వేలు ఇచ్చిన రోజే నోటు వెనక చెల్లు రాయించి తేదీ, సంతకం పెట్టించు, ఆ రోజు నుంచి వడ్డీ 1,000 కాదు 500 అని కూడా అక్కడే తేల్చుకో. డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ద్వారా పంపు. రెండో విడతకు నోటు చేతికి తీసుకున్నాకే బయటికి రా, "ఎక్కడో పెట్టాను, రేపు ఇస్తా" అంటే మొత్తం తీరిందని రసీదైనా రాయించుకో. 25 వేలు పోగయ్యేదాకా రెండు మూడు నెలలు డబ్బు ఎక్కడ ఉంచాలంటే, ఆర్డీలో కాదు, నగల అప్పుకు కట్టి మళ్లీ తీసుకునే వీలున్న ఓవర్‌డ్రాఫ్ట్ రకం మీ బ్యాంకులో ఉంటే అందులో, లేకపోతే సేవింగ్స్ అకౌంట్లోనే ఉంచు. ఈ కొద్ది నెలలకు వచ్చే వడ్డీ గురించి ఆలోచించక్కర్లేదు.

నోటు కూడా పోయాక నీకు మిగిలేది ముప్పావలా వడ్డీ నగల అప్పు ఒక్కటే. అప్పుడు సగం దానికి, సగం ఆర్డీకో ఎఫ్‌డీకో అంటే నేనేమీ అడ్డు చెప్పను, ఆ రెండింటి మధ్య తేడా నూటికి పావలా కూడా లేదు. అక్కడ నిద్ర పట్టేది ఏదో అదే చేయి. గడువు తేదీకి మాత్రం వడ్డీ కట్టి రెన్యువల్ చేయించడం మర్చిపోకు, వేలం నోటీసు దాకా తెచ్చుకోకు.

సైడ్ డబ్బు గురించి ఒక్క ముక్క, షాపుల వాళ్లు ఇచ్చేది నీ రిటర్నులో చూపించు. కొత్త పన్ను విధానంలో నీ మొత్తం ఆదాయానికి పన్ను పడదు, టెన్షన్ లేదు, కానీ రేపు ఏదైనా లోను అడిగితే అదే నీ ఆదాయానికి రుజువు.

నీ కార్డు స్టేట్‌మెంట్ తేదీ, గడువు తేదీ, నెలకు ఎంత శాతం రాశారో, నగల అప్పు ఎప్పుడు తీసుకున్నావో, ఎన్ని గ్రాములు పెట్టావో ఇక్కడ రాయి. టాప్-అప్ ఎంత వరకు రావచ్చో, ఏ తేదీకి ఎంత కట్టాలో లెక్క వేసి చెబుతాను. కార్డు నంబరు, అకౌంట్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకు.